డిసెంబరు దర్శనం టికెట్ సెప్టెంబరులోనే తీసుకోవాలా? రాబోయే నాలుగైదు నెలసరి తేదీలు లెక్కేసుకునే పద్ధతి

తిరుమల మూడొందల రూపాయల దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే విడుదలవుతాయి, నిమిషాల్లో అయిపోతాయి. ఆ కాస్త టైములో ఏ తేదీ నొక్కాలో తేల్చుకోవాలి. మగవాళ్లకు సెలవు ఉందా లేదా చూసుకుంటే చాలు, మనకి మాత్రం "అప్పటికి డేట్ వస్తుందేమో" అన్న టెన్షన్ ఒకటి అదనం. ఆ రోజుల్లో గుడికి వెళ్లాలా వద్దా అనేది ఎవరింటి పద్ధతి వాళ్లది, నేను అందులోకి పోను. కానీ వెళ్లకూడదు అనుకునేవాళ్లకి, మూడు నాలుగు నెలల తర్వాత వచ్చే నెలసరి సుమారుగా ఎప్పుడు పడుతుందో, ఆ "సుమారుగా" అనేది ఎన్ని రోజులో తెలిస్తే పని సులువవుతుంది. లెక్క పెద్ద కష్టమేం కాదు, కూడికలు, భాగహారం వస్తే చాలు.

ముందు ఒక మాట చెప్పేస్తాను. ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే చాలావరకు డిసెంబరు 20 అని ఒకే తేదీ చూపిస్తుంది, చూడగానే ఖాయం అన్నట్టు ఉంటుంది. నాలుగు నెలల తర్వాతి తేదీని అలా ఒక్క రోజుగా చెప్పడం ఎవరివల్లా కాదు. చెప్పగలిగేది ఒక పరిధి మాత్రమే, ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని. ముందుకు పోయే కొద్దీ ఆ పరిధి వెడల్పు అవుతూ పోతుంది. ఎంత వెడల్పు అవుతుందనేదే ఇక్కడ అసలు తెలుసుకోవాల్సిన సంగతి.

మొదటి పని: తేదీలు సరిగ్గా రాసుకోవడం

ఒక సైకిల్ అంటే బ్లీడింగ్ మొదలైన రోజు నుంచి మళ్లీ బ్లీడింగ్ మొదలయ్యే ముందు రోజు వరకు. ఆగిన రోజు నుంచి కాదు. చాలామంది "అయిపోయి ఇన్ని రోజులైంది" అని లెక్కపెడతారు, దాంతో నాలుగైదు రోజులు తేడా వచ్చేస్తుంది. జనవరి 6న మొదలై, తర్వాతిది ఫిబ్రవరి 3న మొదలైతే ఆ సైకిల్ 28 రోజులు. రెండో తేదీలోంచి మొదటి తేదీని తీసేయడమే, రెండు చివర్లూ కలిపి లెక్కపెడితే 29 వస్తుంది, అది తప్పు.

మొదలైన రోజు ఏది అన్నదాని దగ్గర కూడా కాస్త గందరగోళం ఉంటుంది. కొంతమందికి ముందు ఒకటి రెండు రోజులు చిన్న మరకలా కనిపించి తర్వాత అసలు మొదలవుతుంది. ఆ మరకల రోజును లెక్కలోకి తీసుకోకండి, ప్యాడ్ అవసరమైన మొదటి రోజునే ఒకటో రోజు అనుకోండి. రాత్రి పదకొండుకి మొదలైతే ఆ రోజే రాయాలా, మర్నాడు రాయాలా? ఏదైనా పర్వాలేదు, ప్రతిసారీ ఒకేలా రాయండి, అంతే. గోడ క్యాలెండర్ మీద పెన్నుతో సున్నా చుట్టే అలవాటు ఉన్నవాళ్లు సంవత్సరం మారగానే పాత క్యాలెండర్ పారేయకండి, లెక్కకి కావాల్సినదంతా అందులోనే ఉంది.

కనీసం ఆరు సైకిళ్లు ఉండాలి, ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఉంటే ఇంకా మంచిది. అంతకన్నా పాతవి అక్కర్లేదు, వయసుతో సైకిల్ మారుతుంది కాబట్టి మూడేళ్ల కిందటి తేదీలు ఇప్పటి లెక్కను పాడుచేస్తాయి.

రెండో పని: సగటు తీయడం

తిరుపతి కొర్లగుంటలో ఉండే మా వదిన తేదీలతో చేసి చూపిస్తాను, ఆమెను అడిగే రాస్తున్నా. 2025లో ఆమెకి మొదలైన రోజులు ఇవి: జనవరి 6, ఫిబ్రవరి 3, మార్చి 5, ఏప్రిల్ 1, మే 2, మే 31, జూన్ 28, జూలై 30, ఆగస్టు 26. తొమ్మిది తేదీలంటే మధ్యలో ఎనిమిది సైకిళ్లు. వాటి నిడివి వరుసగా 28, 30, 27, 31, 29, 28, 32, 27 రోజులు.

మే నెలలో రెండుసార్లు ఉంది చూడండి, 2న ఒకటి, 31న ఒకటి. అది చూసి "నెలలో రెండుసార్లు వచ్చింది, ఏమన్నా సమస్యా" అని వదిన అప్పట్లో కంగారుపడింది. సమస్యేం లేదు, మధ్యలో 29 రోజులున్నాయి, ఆ నెలకి 31 రోజులున్నాయి, అంతే. నెలసరి అనే పేరే గానీ అది క్యాలెండర్ నెలను చూసి రాదు.

ఎనిమిదీ కలిపితే 232, ఎనిమిదితో భాగిస్తే 29. ఇదే సగటు.

సగటు తీసేముందు ఒక్కసారి అంకెల మీద కళ్లు పరచండి. మధ్యలో 57, 58 లాంటిది కనిపిస్తే బహుశా ఒక తేదీ రాయడం మర్చిపోయి ఉంటారు, రెండు సైకిళ్లు కలిసి ఒకటిగా కనిపిస్తున్నాయి. దాన్ని సగం చేసి 29, 29 అని పెట్టుకోవడం చాలామంది చేసే పని, చేయకండి. ఆ రెండూ నిజంగా 29 కాకపోవచ్చు, మీ సైకిల్ ఉన్నదానికన్నా క్రమంగా ఉన్నట్టు లెక్క అబద్ధం చెబుతుంది. ఆ అంకెను మొత్తంగా వదిలేయండి.

వదిలేయాల్సింది ఇంకొకటి ఉంది, మన ఊళ్లో ఇది మామూలే. పెళ్లికో, గంగమ్మ జాతరకో, కొండకో అడ్డం వస్తుందని మాత్ర వేసుకుని వాయిదా వేసిన సైకిల్. ఆ నెల 36 రోజులు వచ్చిందంటే అది మీ శరీరం లెక్క కాదు, మాత్ర లెక్క. అలాగే అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకున్న సైకిల్, గర్భం పోయిన తర్వాతి మొదటి సైకిల్ కూడా పక్కన పెట్టాలి. నిడివిని మాత్రమే వదలండి, మొదలైన తేదీని మాత్రం ఉంచుకోండి, తర్వాతి సైకిల్ కొలవడానికి అదే మొదలు.

అయితే జ్వరం వచ్చో, పరీక్షల టెన్షన్‌తోనో, ఊరు మారినప్పుడో ఆలస్యమైన సైకిల్‌ని తీసేయకూడదు. అలాంటివి మళ్లీ వస్తాయి, అవే మీ సహజమైన తేడా.

మూడో పని: తేడా ఎంతో కొలవడం

తేడా ఎందుకొస్తుందో రెండు మాటల్లో. సైకిల్‌లో రెండు భాగాలుంటాయి. అండం విడుదల కావడానికి ముందు భాగం, తర్వాతి భాగం. తర్వాతి భాగం ఒక మనిషిలో పెద్దగా మారదు, ఎక్కువమందికి పన్నెండు నుంచి పద్నాలుగు రోజుల దగ్గర ఉంటుంది. సాగేదీ కుంచించుకుపోయేదీ ఎక్కువగా మొదటి భాగమే. నిద్ర లేకపోయినా, జబ్బు చేసినా, మనసు బాగాలేకపోయినా అండం విడుదల వెనక్కి జరగొచ్చు, దానితో పాటు డేట్ కూడా జరుగుతుంది. అందుకే డేట్‌కి నాలుగు రోజుల ముందు వచ్చిన జ్వరం వల్ల ఆలస్యమైందంటే అంతగా నమ్మబుద్ధి కాదు, అప్పటికి అండం విడుదలై ఎనిమిది నుంచి పది రోజులవుతుంది. మూడు వారాల ముందు వచ్చిన జ్వరం మాత్రం ఆలస్యం చేయగలదు.

ఇప్పుడు కొలుద్దాం. ఒక్కో సైకిల్ సగటు నుంచి ఎన్ని రోజులు దూరంగా ఉందో రాయండి, ఎక్కువా తక్కువా అన్నది పట్టించుకోకుండా. వదిన సగటు 29 కాబట్టి 28కి 1, 30కి 1, 27కి 2, 31కి 2, 29కి 0, 28కి 1, 32కి 3, 27కి 2. అన్నీ కలిపితే 12, ఎనిమిదితో భాగిస్తే 1.5. అంటే ఆమె డేట్ సగటు నుంచి రోజున్నర అటూ ఇటూ జరగడం మామూలు.

కానీ మనకు కావాల్సింది మామూలు తేడా కాదు, టికెట్ కొనేంత నమ్మకం ఇచ్చే తేడా. దానికి ఈ 1.5ని 2.7తో గుణించండి, 4 వస్తుంది. తర్వాతి డేట్ ఒక్కదానికీ అటూ ఇటూ 4 రోజులు వదిలితే పదిసార్లలో తొమ్మిదిసార్లు దాదాపు అందులోనే పడుతుంది. ఆ పదోసారి ఉండనే ఉంటుంది, దాన్ని ఏ లెక్కా తీసేయలేదు.

నాలుగో పని: ముందుకు తేదీలు వేయడం

మధ్య తేదీలు తేలిక. ఆగస్టు 26కి 29 కలిపితే సెప్టెంబరు 24. ఇంకో 29 కలిపితే అక్టోబరు 23, ఆపైన నవంబరు 21, డిసెంబరు 20. ప్రతి నెలా తేదీ కాస్త ముందుకు వస్తోంది గమనించారా, "నాకు ఎప్పుడూ ఇరవై నాలుగునే వస్తుంది" అనేవాళ్ల లెక్క రెండు మూడు నెలల్లో తప్పేది ఇందుకే.

ఇక అటూ ఇటూ ఎంత? ప్రతిదానికీ 4 రోజులే అనుకోకూడదు. అక్టోబరు డేట్ ఎప్పుడు పడుతుందనేది సెప్టెంబరు డేట్ ఎప్పుడు వచ్చిందన్నదాని మీద ఆధారపడుతుంది, సెప్టెంబరులో మూడు రోజులు ఆలస్యమైతే ఆ తర్వాత వచ్చేవన్నీ మూడు రోజులు జరుగుతాయి. తేడాలు పోగవుతాయి. అలాగని ప్రతి నెలా 4 చొప్పున 8, 12, 16 అని కూడా పెరగవు, ఎందుకంటే ఒక నెల ఆలస్యమైతే ఇంకో నెల ముందే వచ్చి కొంత సర్దుకుంటుంది. నిజం ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. ఏడెనిమిది సైకిళ్ల లెక్క ఉన్నవాళ్లు మొదటి అంకెను రెండో డేట్‌కి ఒకటిన్నర రెట్లు, మూడోదానికి రెండు రెట్లు, నాలుగోదానికి 2.3 రెట్లు చేసుకుంటే సరిపోతుంది. వదినకి 4, 6, 8, 9 రోజులు.

మొదటిది: సెప్టెంబరు 20 నుంచి 28
రెండోది: అక్టోబరు 17 నుంచి 29
మూడోది: నవంబరు 13 నుంచి 29
నాలుగోది: డిసెంబరు 11 నుంచి 29

నాలుగోది చూడండి, 19 రోజుల వెడల్పు. నెలలో మూడింట రెండొంతులు "రావచ్చు" అనే చెబుతోంది. పనికిరాని లెక్క అనిపిస్తుంది కదా, కానీ మనకు కావాల్సింది డేట్ ఎప్పుడొస్తుందని కాదు, ఎప్పుడు రాదని.

ఐదో పని: ఖాళీ రోజులు వెతకడం

వదినకి బ్లీడింగ్ ఐదు రోజులు. కాబట్టి ప్రతి పరిధి చివరి రోజుకి ఇంకో 4 రోజులు కలపాలి, ఒకవేళ ఆ చివరి రోజునే మొదలైతే అప్పటికి అయిపోతుంది. ఆ మర్నాటి నుంచి తర్వాతి పరిధి మొదలయ్యే ముందు రోజు దాకా ఖాళీ. సెప్టెంబరు పరిధి 28తో ముగుస్తుంది, నాలుగు కలిపితే అక్టోబరు 2, కాబట్టి అక్టోబరు 3 నుంచి 16 దాకా పద్నాలుగు రోజులు ఖాళీ. ఇలాగే చేస్తే నవంబరు 3 నుంచి 12 దాకా పది రోజులు, డిసెంబరు 4 నుంచి 10 దాకా ఏడు రోజులు. ఇదే లెక్క ఇంకా లాగితే జనవరిలో 3 నుంచి 6 దాకా నాలుగే, ఫిబ్రవరిలో 3వ తేదీ ఒక్కటే. ఆ తర్వాత ఖాళీ అన్నదే ఉండదు. అంటే వదిన లాగా చాలా క్రమంగా వచ్చేవాళ్లకి కూడా ఈ లెక్క నాలుగైదు డేట్ల దాకానే పనికొస్తుంది, వచ్చే ఏడాది పెళ్లి ముహూర్తానికి ఇప్పుడే తేదీ చెప్పమంటే చెప్పలేం.

తిరుచానూరు అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలు ఆ ఏడాది నవంబరు మూడో వారంలో మొదలయ్యాయి, అవి పూర్తిగా మూడో పరిధిలో పడ్డాయి. దానికి చేయగలిగిందేం లేదు. డిసెంబరు టికెట్టు మాత్రం వదిన 9వ తేదీకి తీసుకుంది.

"20న కదా డేటు, 15కి తీసుకుంటే ఏం? ఐదు రోజులు ముందే కదమ్మా" అని అడిగింది. 15 కూడా పరిధిలోనే ఉంది వదినా అన్నాను, నాలుగు సైకిళ్లలో తలా ఒకటిన్నర రోజు ముందు వస్తే చాలు, ఆరు రోజులు జరిగిపోతాయి.

డేట్ రాగానే మళ్లీ లెక్క

ఇది వదిలేస్తే పైన చేసిందంతా పాతబడిపోతుంది. సెప్టెంబరులో వదినకి 24న కాకుండా 27న వచ్చింది, అంటే 32 రోజులు. పరిధిలోనే ఉంది కాబట్టి కంగారు లేదు. తొమ్మిది సైకిళ్ల సగటు ఇప్పుడు 29.3. కొత్తగా లెక్కేస్తే తర్వాతిది అక్టోబరు 22 నుంచి 30, దాని తర్వాతిది నవంబరు 19 నుంచి డిసెంబరు 1, ఆపైది డిసెంబరు 16 నుంచి జనవరి 1. డిసెంబరులో ఖాళీ ఇప్పుడు 6 నుంచి 15 దాకా. అంతకుముందు ఏడు రోజులున్న ఖాళీ పది రోజులైంది, ఎందుకంటే మనం దానికి ఒక సైకిల్ దగ్గరయ్యాం. 9వ తేదీ టికెట్టు రెండు లెక్కల్లోనూ క్షేమంగా ఉంది. ఖాళీకి అంచున ఉన్న 4వ తేదీ తీసుకుని ఉంటే ఇప్పుడు గుబులు మొదలయ్యేది. అందుకే ఖాళీ రోజుల్లో కూడా కాస్త మధ్యలో ఉన్నది ఎంచుకోండి.

కాగితం వద్దు, షీట్‌లో చేస్తాం అంటే

ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ, A2 నుంచి A10 దాకా మొదలైన తేదీలు పెట్టండి. ఈ ఫార్ములాలు వేయండి:

```
B3:  =A3-A2
E1:  =AVERAGE(B3:B10)
E2:  =STDEV(B3:B10)
E3:  =COUNT(B3:B10)
H2:  =ROUND($A$10+G2*$E$1,0)
I2:  =ROUND(2*$E$2*SQRT(G2+G2^2/$E$3),0)
J2:  =H2-I2
K2:  =H2+I2
```

B3ని B10 దాకా కిందికి లాగండి. G2 నుంచి 1, 2, 3, 4 అని రాసి H, I, J, K లను కూడా కిందికి లాగితే J లో పరిధి మొదలు, K లో చివర వస్తాయి. వదిలేయాల్సిన సైకిల్ ఉంటే B లో ఆ గడిని ఖాళీ చేయండి, సున్నా పెట్టకండి, సున్నా పెడితే సగటు కూలిపోతుంది. B లో 28కి బదులు 1900 నాటి తేదీ ఏదో కనిపిస్తే లెక్క తప్పు కాదు, ఆ గడిని నంబర్‌గా మార్చాలి. అలాగే H, J, K లలో 46 వేలకి దగ్గరగా ఏదో అంకె కనిపిస్తే వాటిని తేదీగా మార్చండి.

I2 లో వర్గమూలం ఉంది చూశారా, తేడా నాలుగు రెట్లు కాకుండా రెండు రెట్ల దగ్గర ఆగేది దానివల్లే. దాని పక్కన భాగహారం ఉన్నది ఎందుకంటే మన సగటు కూడా ఎనిమిది సైకిళ్లను చూసి వేసుకున్న అంచనాయే, అసలు సగటు 28.6 కావచ్చు, 29.5 కావచ్చు, ఆ చిన్న తప్పు నెలనెలా పేరుకుంటుంది. కొత్త తేదీ చేర్చినప్పుడు B10ని B11 దాకా లాగి, మిగతా ఫార్ములాల్లో A10, B10 అన్నచోట్ల A11, B11 అని మార్చడం మర్చిపోవద్దు.

లెక్క తప్పుతోందని ఎలా తెలుస్తుంది

ప్రతి డేట్ పక్కన అది పరిధిలో పడిందా లేదా అని ఒక టిక్కో ఇంటూనో పెట్టండి. అప్పుడప్పుడు ఒక ఇంటూ పడటం మామూలే. వరుసగా రెండు పడితే, లేదా చివరి నాలుగైదు సైకిళ్లూ సగటుకి ఒకే వైపు ఉంటే మీ సైకిల్ మారుతోందని అర్థం. పాతవి తీసేసి చివరి ఆరింటితోనే లెక్కేయండి.

కొంతమందికి ఈ పద్ధతి అసలు సరిపోదు. పెద్దమనిషి అయిన మొదటి రెండు మూడేళ్లలో ఆడపిల్లలకి 21 నుంచి 45 రోజుల మధ్య ఎలాగైనా రావచ్చు. బిడ్డకి పాలిచ్చే తల్లులకి, నలభై దాటి సైకిల్ చెదురుతున్నవాళ్లకి, పీసీఓడీ ఉన్నవాళ్లకి పరిధులు ఒకదానిమీద ఒకటి ఎక్కేసి మొదటి నెలకే ఖాళీ రోజులు మిగలవు. అలా వచ్చిందంటే ఫార్ములాని మార్చి లాభం లేదు. గర్భనిరోధక మాత్రలు నెలంతా వాడేవాళ్లకి సగటుతో పనే లేదు, ప్యాకెట్ ఎప్పుడు అయిపోతుందో చూసుకుంటే చాలు. ఇంకొకటి, ఇక్కడ వచ్చిన ఖాళీ రోజులు గుడికీ ప్రయాణానికీ మాత్రమే, గర్భం రాకుండా ఉండే రోజులు అనుకోకండి, అది వేరే లెక్క.

వాయిదా మాత్ర విషయం కూడా ఇక్కడే చెప్పాలి. వాయిదా కోసం ఎక్కువగా ఇచ్చే నోరెథిస్టెరోన్‌ను మామూలుగా డేట్‌కి మూడు రోజుల ముందు మొదలుపెట్టమంటారు, కానీ ఏ డేట్‌కి? మధ్య తేదీని నమ్ముకుని మొదలుపెట్టేసరికే కొందరికి బ్లీడింగ్ వచ్చేస్తుంది. డాక్టరుకి పరిధిలో మొదటి రోజు ఏదో చెప్పండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లకీ ఇంకొంతమందికీ అది పడదు.

పెద్దవాళ్లలో సైకిల్ 24 నుంచి 38 రోజుల మధ్య ఉంటే మామూలుగానే లెక్క. అన్నిటికన్నా చిన్నదానికీ పెద్దదానికీ మధ్య తేడా 26 నుంచి 41 ఏళ్ల వాళ్లలో ఏడు రోజులు, 18 నుంచి 25, 42 నుంచి 45 మధ్య వాళ్లలో తొమ్మిది రోజుల దాకా ఉండొచ్చు. వదినకి 27, 32, అంటే ఐదే. మీది ఈ హద్దులు దాటి పదేపదే వస్తుంటే, లేదా మూడు నెలలు అసలు రాకపోతే గైనకాలజిస్టుని కలవండి. పరిధి చివరి రోజు దాటి వారమైనా రాలేదంటే, అవకాశం ఉన్నవాళ్లు ముందు ప్రెగ్నెన్సీ టెస్టు చేసుకోండి. ఓపీలో డాక్టరు మొదట అడిగేది "చివరి డేట్ ఎప్పుడు, అంతకుముందు ఎప్పుడు" అనే, ఆ తొమ్మిది తేదీల ఫొటో ఫోన్‌లో తీసి పెట్టుకుంటే అదే చూపించొచ్చు.